నెలకు పదిహేను పేజీలు తీసే ఇంటికి ఏ ప్రింటర్ సరిపోతుంది?

ప్రశ్న: మాది ఖమ్మం. నెలకు పది, పదిహేను పేజీలకు మించి ప్రింట్ తియ్యం. ఆధార్ జిరాక్స్, హాల్ టికెట్, మా అమ్మాయి వర్క్‌షీట్లు, అప్పుడప్పుడు ప్రాజెక్ట్ వర్క్‌కి రంగు బొమ్మలు, అంతే. మూడేళ్ల కింద నాలుగు వేలు పెట్టి ఇంక్‌జెట్ కొన్నాం. అవసరమైనప్పుడల్లా ఇంక్ ఎండిపోయి ఉంటోంది, ఇప్పుడు బీరువా మీద పడి ఉంది. షాపతను ఇంక్ ట్యాంక్ తీసుకోండి, పేజీకి పది పైసలే అంటున్నాడు. మా బావగారేమో లేజర్ అంటున్నారు. ఏది తీసుకోవాలి?

జవాబు:

మీ బావగారు చెప్పిందే సరైనదండీ. నలుపు మాత్రమే తీసే లేజర్ ప్రింటర్ తీసుకోండి, రంగు పేజీలు బయట తీయించుకోండి. రాజమండ్రిలో పద్దెనిమిదేళ్లుగా ప్రింటర్ల సర్వీసింగ్ చేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చే ఇంటి ప్రింటర్లలో ఎక్కువ భాగం బాగా వాడి అరిగిపోయినవి కావు, వాడక పాడైనవి. మీ ఇంటికి ఏది సరిపోతుందో తేలాలంటే ముందు ఆ విషయం అర్థం కావాలి.

షాపతను చెప్పిన పది పైసల లెక్కలో అబద్ధం లేదు. రోజూ యాభై పేజీలు తీసే ట్యూషన్ సెంటర్‌కో, ఇంటర్నెట్ సెంటర్‌కో అది పక్కా లెక్క. అక్కడ ఇంక్ కదులుతూనే ఉంటుంది. మీ ఇంట్లో మాత్రం ప్రింటర్ నెలలో ఓ పది నిమిషాలు పని చేసి, మిగతా కాలమంతా ఊరికే కూర్చుంటుంది. కాబట్టి పేజీకి ఎంత పడుతుందన్నది మీకు ముఖ్యం కాదు. ఊరికే కూర్చున్న నెల రోజుల్లో లోపల ఏం జరుగుతుందన్నదే ముఖ్యం.

ఇంక్‌జెట్ అయినా, ఇంక్ ట్యాంక్ అయినా ప్రింట్ తీసే పద్ధతి ఒకటే. ప్రింట్ హెడ్ అడుగున వందల కొద్దీ సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటినే నాజిల్స్ అంటాం. తల వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి. ఇంక్‌లో ఎక్కువ భాగం నీళ్లే. ఆ రంధ్రం మూతి దగ్గర నీరు ఆవిరైపోతే మిగిలిన రంగు గట్టిపడి దాన్ని మూసేస్తుంది. అలా కాకుండా ప్రింటర్ లోపల కుడి చివర ఒక రబ్బరు మూత ఉంటుంది. పని అయ్యాక హెడ్ అక్కడికి వెళ్లి ఆ మూత మీద కూర్చుంటుంది. పెన్నుకి క్యాప్ పెట్టినట్టు. ఆ మూత బాగా పట్టి ఉంటే మూడు నాలుగు వారాలు ఏమీ కాదు. పట్టకపోతే మన వేసవిలో వారం చాలు.

మన ఇళ్లలో ఈ మూతకి పెద్ద శత్రువు గోడ మీది స్విచ్. ప్రింట్ రాగానే గోడ దగ్గర టక్కున ఆపేసే అలవాటు చాలామందికి ఉంటుంది. ప్రింటర్ మీది పవర్ బటన్ నొక్కితే హెడ్ మూత దగ్గరికి వెళ్లి, కూర్చుని, అప్పుడు లైటు ఆరుతుంది. గోడ స్విచ్ ఆపితే హెడ్ ఎక్కడుంటే అక్కడే, నాజిల్స్ గాలికి తెరుచుకుని ఆగిపోతుంది. ప్రింట్ మధ్యలో కరెంటు పోయినా అంతే. అలా జరిగితే కరెంటు రాగానే ఒకసారి ఆన్ చేసి, హెడ్ అటూ ఇటూ తిరిగి సద్దుమణిగాక, దాని బటన్‌తోనే ఆపాలి. మూడేళ్లలో మీ ప్రింటర్ ఎన్నిసార్లు గోడ స్విచ్‌తో ఆగిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

రెండో సంగతి క్లీనింగ్. చాలా రోజుల తర్వాత ఆన్ చేస్తే ఇంక్‌జెట్ గరగరమని కాసేపు చప్పుడు చేస్తుంది కదా, అది తనను తాను శుభ్రం చేసుకుంటోంది. నాజిల్స్ లోంచి ఇంక్‌ని పీల్చి, అడుగున ఉండే స్పాంజి లాంటి ప్యాడ్‌లోకి వదులుతుంది. నెలకోసారి ఆన్ చేసే ఇంట్లో కాగితం మీద పడే ఇంక్ కంటే ఈ ప్యాడ్‌లోకి పోయేదే ఎక్కువ కావచ్చు. "పది పేజీలు కూడా తియ్యలేదు, కాట్రిడ్జ్ అయిపోయింది" అని మనుషులు కోపంగా వచ్చేది ఇందుకే. కాట్రిడ్జ్ డబ్బా మీద 120 పేజీలు అని ఉంటే, అది వరసగా తీస్తే వచ్చే లెక్క. అదీ పేజీలో ఐదు శాతం మాత్రమే సిరా పడితే. ఐదు శాతం అంటే చిన్న ఉత్తరం రాసినట్టుండే పేజీ. మీ అమ్మాయి రంగు బొమ్మ పేజీ దానికి ఎన్నో రెట్లు తాగుతుంది.

ఇక్కడి దాకా ఇంక్‌జెట్‌కీ ఇంక్ ట్యాంక్‌కీ తేడా లేదు. తేడా ఎక్కడంటే, హెడ్ ఎక్కడుంది అన్న దగ్గర.

మీరు కొన్నట్టు నాలుగైదు వేల ప్రింటర్లలో చాలావాటికి హెడ్ కాట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. కాట్రిడ్జ్ తిప్పి చూస్తే అడుగున బంగారు రంగు పలక కనిపిస్తుంది, అదే హెడ్. ఎండిపోతే కాట్రిడ్జ్ మార్చండి, హెడ్ కూడా కొత్తదే వచ్చేస్తుంది. నష్టం వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. బాధే, కానీ ప్రింటర్ మాత్రం బతుకుతుంది.

ఇంక్ ట్యాంక్‌లో, ముఖ్యంగా ఎప్సన్ ఎల్ సిరీస్ లాంటి వాటిలో, హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉంటుంది. ట్యాంక్ నుంచి సన్నని గొట్టాల గుండా ఇంక్ దాని దగ్గరికి వస్తుంది. అది మూసుకుపోతే విప్పి శుభ్రం చేయాలి. లేదా హెడ్ మార్చాలి. మార్చడానికి అయ్యే ఖర్చు చాలాసార్లు కొత్త ప్రింటర్ ధరలో సగం దాకా వస్తుంది. కొన్ని కంపెనీల ట్యాంక్ మోడళ్లలో హెడ్ విడిగా ఊడి వస్తుంది, అక్కడ పని కొంచెం తేలిక. అయినా గొట్టాలు, వాటిలో చేరే గాలి బుడగలు, అడుగు ప్యాడ్, ఇవన్నీ ఎలాగూ ఉంటాయి.

ఒకరి ప్రింటర్ సంగతి చెప్తాను. ఒక స్కూలు టీచరమ్మ ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో ఇంక్ ట్యాంక్ కొన్నారు. అప్పుడు రోజూ వర్క్‌షీట్లు తీశారు, బ్రహ్మాండంగా పని చేసింది. స్కూళ్లు తెరిచాక నెలకు నాలుగైదు పేజీలకు తగ్గిపోయింది. ఆ తర్వాతి సంవత్సరం వేసవిలో రెండు నెలలు కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్లారు. తిరిగొచ్చి ప్రింట్ ఇస్తే అక్షరాల మీద అడ్డంగా తెల్లటి చారలు. తెలుగు అక్షరాల్లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. తలకట్లు పోతాయి, వత్తులు సగానికి తెగిపోతాయి, "క్ష" చూస్తే ఏ అక్షరమో పోల్చుకోలేం.

ఆవిడ ఏం చేశారంటే, కంప్యూటర్‌లో హెడ్ క్లీనింగ్ కనిపిస్తే నొక్కారు. బాగవ్వలేదు. మళ్లీ నొక్కారు. ఆ సాయంత్రం వరసగా పది పన్నెండు సార్లు చేశానని చెప్పారు. నా దగ్గరికి తెచ్చేసరికి ట్యాంకుల్లో ఇంక్ వేలెడంత దిగిపోయింది, రెండు ఎర్ర లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతున్నాయి. ఆ మోడల్లో దానర్థం, వేస్ట్ ఇంక్ ప్యాడ్ నిండిపోయిందని ప్రింటర్ లెక్క వేసుకుని పని ఆపేసిందని. విప్పి చూశాను. హెడ్ కూర్చునే రబ్బరు మూత అంచున ఎండిన ఇంక్ మామిడి జీడిలా నల్లగా గట్టిపడి ఉంది. మూత పట్టడం మానేసి చాలా రోజులై ఉంటుంది. నీలం గొట్టంలో అంగుళం పొడవున గాలి ఉంది.

ప్యాడ్ మార్చి, మూత కడిగి, హెడ్‌ని రాత్రంతా నానబెట్టాను. నలుపు తిరిగొచ్చింది. నీలంలో సగం నాజిల్స్ రాలేదు. నీలం లేకపోతే ఆకులు పసుపు పచ్చగా, ఆకాశం గులాబీ రంగులో వస్తాయి. హెడ్ మారిస్తే ఎంతవుతుందో చెప్పాను, ఆవిడ వద్దన్నారు. ఇప్పటికీ నలుపుకే వాడుతున్నారు. పదమూడు వేలు పెట్టి రంగుల ప్రింటర్ కొని నలుపుతో సరిపెట్టుకుంటున్నారంటే నాకే మనసు చివుక్కుమంటుంది.

మీ ఇంటికి అదే ట్యాంక్ లెక్క వేసి చూడండి. ఎప్సన్ 003 నలుపు బాటిల్ 65 మిల్లీలీటర్లు, దానికి 4,500 పేజీలని కంపెనీ లెక్క. మీరు నెలకు పది నలుపు పేజీలు తీస్తే 450 నెలలు, అంటే 37 ఏళ్లకు పైనే వస్తుంది. అంతకాలం ఏ ఇంకూ ట్యాంక్‌లో బాగుండదు, ఏ ప్రింటరూ నిలవదు. అంటే మీరు వాడలేని ఇంక్‌కి ముందే డబ్బు కట్టి, దాన్ని ఎండకుండా కాపాడుకునే పని కూడా నెత్తిన వేసుకుంటున్నారన్నమాట.

లేజర్ దగ్గర ఈ టెన్షన్ ఎందుకు ఉండదంటే, అందులో తడి అనేదే లేదు. టోనర్ అంటే రంగు కలిపిన మెత్తటి ప్లాస్టిక్ పొడి. డ్రమ్ము అనే గుండ్రటి రోలర్ మీద విద్యుత్తుతో బొమ్మ ఏర్పడితే ఆ పొడి దానికి అంటుకుని, కాగితం మీదికి దిగుతుంది. చివర ఫ్యూజర్ అనే రోలర్ల జత 200 డిగ్రీలకు అటూ ఇటూ వేడితో ఆ పొడిని కరిగించి కాగితంలోకి అదుముతుంది. కాగితం వేడిగా బయటికి రావడం అందుకే. పొడి ఎండిపోవడం అంటూ ఉండదు. ఆర్నెల్లు ఆగి హాల్ టికెట్ ఇచ్చినా మొదటి పేజీయే శుభ్రంగా వస్తుంది. గోడ స్విచ్ ఆపినా దాని హెడ్ ఎండదు, అసలు హెడ్డే లేదు. ప్రింట్ నడుస్తుండగా మాత్రం ఆపకండి, కాగితం లోపల ఇరుక్కుంటుంది.

ఇంకో లాభం, దరఖాస్తులు తీసేవాళ్లకు బాగా పనికొచ్చేది. టోనర్ నీళ్లకు కరగదు. నీళ్లలో కరిగే రంగుతో చేసిన డై ఇంక్‌తో తీసిన కాగితం మీద చెమట చెయ్యి పడ్డా, వానచినుకు పడ్డా అక్షరాలు అలుక్కుపోతాయి. ఏ ప్రింట్ అయినా వేలు తడి చేసి ఒక మూల రుద్ది చూడండి, మీకే తెలిసిపోతుంది. కొన్ని ట్యాంక్ ప్రింటర్లలో నలుపు మాత్రం నీళ్లలో కరగని రంగు పొడితో చేసిన పిగ్మెంట్ ఇంక్ ఉంటుంది. అది కొంత తట్టుకుంటుంది కానీ రంగులు అలుక్కుంటాయి.

ఇక డబ్బు. ఐదేళ్లకు లెక్క వేద్దాం. నెలకు పది నలుపు, ఐదు రంగు అనుకుంటే మొత్తం 900 పేజీలు, అందులో నలుపు 600. ధరలు ఊరిని బట్టి, ఆఫర్లను బట్టి మారతాయి, నేను ఉజ్జాయింపుగా చెప్తున్నాను.

లేజర్ ఒట్టి ప్రింటర్ అయితే పన్నెండు వేలకు అటూ ఇటూ. పెట్టెలో వచ్చే టోనర్ చాలా మోడళ్లకు పూర్తిది కాదు, 700 పేజీల స్టార్టర్. ఐదు శాతం లెక్కలో 700. నిండుగా ఉండే తెలుగు పేజీలకీ, ఆధార్ జిరాక్స్‌లకీ 500 అనుకోండి. అంటే మీకు నాలుగేళ్లు వస్తుంది. ఐదేళ్లలో ఒకే ఒక్కసారి టోనర్ మార్చాలి. కంపెనీది అయితే మోడల్‌ని బట్టి మూడు నుంచి ఐదు వేలు. రంగు పేజీలు బయట పది రూపాయల చొప్పున ఐదేళ్లకు మూడు వేలు. మొత్తం ఇరవై వేల లోపే తేలిపోతుంది.

కాట్రిడ్జ్ ప్రింటర్ కొనేటప్పుడు నాలుగైదు వేలే. కానీ మీలా వాడే ఇంట్లో ఏడాదికి రెండు జతల కాట్రిడ్జ్‌లు పోవడం నేను మామూలుగా చూసేదే. జత రెండు వేలు వేసుకున్నా ఏడాదికి నాలుగు వేలు, ఐదేళ్లకు ఇరవై వేలు. ప్రింటర్‌తో కలిపి పాతిక వేలు. అన్నిటికంటే చవగ్గా కనిపించేది అన్నిటికంటే ఎక్కువ తింటుంది.

ఇంక్ ట్యాంక్ పదమూడు వేలు అనుకుంటే, పెట్టెలో వచ్చిన ఇంకే మీకు ఐదేళ్లకు ఎక్కువ. ఏమీ పాడవకపోతే అన్నిట్లోకీ ఇదే చవక. "ఏమీ పాడవకపోతే" అన్న మాట మీదే అంతా ఆధారపడి ఉంది. వాడకం మీది మీకే తెలుసు.

నాలుగో దారి కూడా చెప్పాలి, లేకపోతే లెక్క న్యాయంగా ఉండదు. అన్నీ బయటే తీయిస్తే నలుపు మూడు రూపాయలు, రంగు పది చొప్పున మీకు నెలకు ఎనభై రూపాయలు, ఐదేళ్లకు 4,800. డబ్బు ఒక్కటే చూస్తే ప్రింటర్ కొననే అక్కర్లేదు. రాత్రి తొమ్మిదికి "రేపు వర్క్‌షీట్ తెమ్మన్నారు" అని పిల్ల చెప్పినప్పుడు, ఆధార్, బ్యాంక్ స్టేట్‌మెంట్ లాంటివి షాపతని వాట్సాప్‌కి పంపడం ఇష్టం లేనప్పుడు, ఇంట్లో ప్రింటర్ ఉండాలనిపిస్తుంది. నా లెక్కలో ప్రింటర్ కొనడానికి అసలు కారణం అదే. ఆ కారణానికి తగ్గది ఏదంటే, అడిగిన క్షణాన తప్పకుండా పలికేది. అందుకే లేజర్ అంటున్నాను.

లేజర్‌కీ పరిమితులున్నాయి. కొన్నాక తెలిసి బాధపడకుండా ముందే చెప్తాను.

మొదటిది కరెంటు. ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో చిన్న లేజర్ కూడా చాలా కరెంటు లాగుతుంది, కొన్ని మోడళ్లు ఎనిమిది వందల వాట్లు దాటతాయి. ఇంట్లో ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టుకున్న మామూలు ఇన్వర్టర్ మీద, కంప్యూటర్ యూపీఎస్ మీద దీన్ని పెట్టకండి. ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోతుంది. ఇంక్‌జెట్‌కి పది, పదిహేను వాట్లు చాలు కాబట్టి ఇన్వర్టర్ మీద నడుస్తుంది. మీ వీధిలో కరెంటు గంటల తరబడి పోతుంటే ఈ సంగతి ఆలోచించుకోండి.

రెండోది కాగితం. టోనర్ ఎండదు కానీ కాగితం తేమ పీలుస్తుంది. ఆగస్టులో మా దగ్గరికి వచ్చే లేజర్ ఫిర్యాదుల్లో సగం కాగితం వల్లే. ట్రేలో నెల రోజులుగా పడి ఉన్న కాగితం మెత్తబడి ఉంటుంది, ఫ్యూజర్ వేడికి చుట్టుకుపోయి ఇరుక్కుంటుంది, లేదా ముడతలు పడి వస్తుంది, అక్షరాలు అక్కడక్కడా లేతగా పడతాయి. మీరు నెలకు పదిహేనే తీస్తారు కాబట్టి ట్రేలో ఇరవై కాగితాలే పెట్టండి. మిగతా కట్టని దాని కవర్లోనే చుట్టి బీరువాలో పెట్టండి. కాగితం ఇరుక్కుంటే ప్రింటర్ ఆపి, కాసేపు ఆగి, కాట్రిడ్జ్ బయటికి తీసి, కాగితాన్ని రెండు చేతులతో మెల్లగా, అది వెళ్లే వైపుకే లాగండి. ఫ్యూజర్ దగ్గర కాలుతుంది, జాగ్రత్త. తీసిన కాట్రిడ్జ్‌ని ఎండలో, ట్యూబ్‌లైట్ కింద ఉంచొద్దు. దాని డ్రమ్ముకి వెలుతురు సరిపడదు. ఒక న్యూస్‌పేపర్ కప్పితే చాలు.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. మెరిసే ఫొటో పేపర్, ఇంక్‌జెట్ కోసం చేసిన స్టిక్కర్ షీట్లు లేజర్‌లో ఎప్పుడూ పెట్టకండి. వాటి పూత ఆ వేడికి కరిగి ఫ్యూజర్‌కి చుట్టుకుంటుంది. ప్రాజెక్ట్ వర్క్ హడావుడిలో పిల్లలు పెట్టేస్తారు. ఒక్క షీటుతో ఫ్యూజర్ పాడై మూడు వేలు ఖర్చయిన ఇల్లు నాకు తెలుసు. మీ అమ్మాయికి మొదటి రోజే చెప్పండి.

ఇక కలర్ లేజర్ అని ఎవరైనా అంటే, మీ ఇంటికి వద్దు. నాలుగు టోనర్లు, నాలుగింటి ఖర్చు. నెలకు ఐదు రంగు పేజీల కోసం అంత పెట్టడం నాకు సమంజసంగా కనిపించదు.

కొనేటప్పుడు చూడాల్సినవి ఎక్కువ లేవు. మీరు ఆధార్ జిరాక్స్ అన్నారు కాబట్టి పైన గాజు ఉండే స్కానర్ మోడల్ తీసుకుంటే ఇంట్లోనే పనైపోతుంది. దానికి ఇంకో మూడు నుంచి ఐదు వేలు ఎక్కువ అవుతాయి. కార్డు రెండు వైపులా ఒకే పేజీ మీద తీసే ఐడీ కాపీ బటన్ ఉందా అడగండి, రోజువారీ పనికి అది చాలా హాయి. స్కానర్ లేకపోయినా ఫోన్‌లో స్కాన్ చేసి ప్రింట్ ఇవ్వచ్చు, కానీ పెద్దవాళ్లున్న ఇంట్లో బటన్ నొక్కితే వచ్చేదే వాడతారు. ఫోన్ నుంచి తీయాలంటే వైఫై ఉండాలి. ప్రింటర్ ధరతో పాటు దాని టోనర్ ధర ఎంత, ఎన్ని పేజీలు, చిప్ ఉందా అని కూడా అడగండి. చిప్ ఉన్నవాటిలో బయటి టోనర్‌ని ప్రింటర్ ఒప్పుకోకపోవచ్చు. నాలుగేళ్లకోసారి మార్చే మీలాంటి ఇంటికి అదేమంత పెద్ద విషయం కాదు, తెలిసి కొంటే చాలు.

డబ్బు తక్కువలో కావాలంటే ఆఫీసులు తీసేసిన పాత లేజర్లు కూడా దొరుకుతాయి. కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ 1020 లాంటివి మన ఊళ్లలో లెక్కలేనన్ని ఉన్నాయి. ఏ సందులో అడిగినా రీఫిల్ చేసేవాళ్లున్నారు. వాటికి కాట్రిడ్జ్‌లోనే డ్రమ్ము కలిసి ఉంటుంది, 2,000 పేజీలు వస్తుంది. కానీ వైఫై ఉండదు, యూఎస్‌బీ వైరు ఒక్కటే దారి. మీకు ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంటేనే ఆలోచించండి. కొనేముందు మీ ఎదురుగా పది పేజీలు తీయించి, ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వచ్చే నల్లటి చుక్క ఉందేమో చూడండి. ఉంటే డ్రమ్ము మీద గీత పడిందని అర్థం.

రంగు ఇంట్లోనే కావాలని మీ అమ్మాయి పట్టుపడితే, ఇంక్ ట్యాంక్ కొనండి కానీ ఒక నియమం పెట్టుకోండి. ప్రతి ఆదివారం ఒక నాజిల్ చెక్ పేజీ తీయాలి. ప్రింటర్ సెట్టింగ్స్‌లో మెయింటెనెన్స్ అన్న చోట ఉంటుంది. నాలుగు రంగుల్లో సన్నని మెట్ల లాంటి గీతలు వస్తాయి. దానికి పట్టే ఇంక్ చాలా తక్కువ. అన్ని గీతలూ తెగకుండా వస్తే చాలు, ఆపేయండి. గీతలు తెగితే ఒక్కసారి హెడ్ క్లీనింగ్, మళ్లీ నాజిల్ చెక్. ఇలా మూడు సార్లకీ రాకపోతే అక్కడితో ఆగి, పన్నెండు గంటలు వదిలేసి మర్నాడు చూడండి. ఆ టైములో ఇంక్ మెల్లగా నాని దారి చేసుకుంటుంది. ఆ టీచరమ్మ చేసిన తప్పు ఇక్కడే, ఆగకుండా నొక్కడం. ఊరెళ్తే పక్కింటి వాళ్లకి తాళంతో పాటు ఈ పని కూడా అప్పజెప్పాలి. ఇది మీవల్ల అవుతుందో లేదో నిజాయితీగా ఆలోచించుకోండి. మొదటి మూడు నెలలు అందరూ చేస్తారు, తర్వాత మర్చిపోతారు.

కొత్తది కొనేలోపు బీరువా మీద ఉన్న పాతదాన్ని ఒకసారి కిందికి దించండి. కాట్రిడ్జ్‌లు బయటికి తీసి అడుగున బంగారు రంగు పలక ఉందో లేదో చూడండి. ఉంటే, నాలుగు మడతలు వేసిన టిష్యూ పేపర్‌ని గోరువెచ్చని నీటితో తడిపి ఒక పళ్లెంలో పెట్టి, దాని మీద కాట్రిడ్జ్‌ని ఆ పలక ఆనేలా నిలబెట్టండి. వెనక వైపు రాగి చుక్కలుండే భాగానికి తడి తగలకూడదు. మూడు నిమిషాలాగి ఎత్తి చూడండి. నల్ల కాట్రిడ్జ్ కింద చిక్కటి నల్ల పట్టీ, రంగు కాట్రిడ్జ్ కింద నీలం, గులాబీ, పసుపు మూడు పట్టీలు వేరువేరుగా పడితే హెడ్ బతికే ఉంది. పొడి టిష్యూతో ఒకసారి అద్ది, తిరిగి పెట్టి, నాజిల్ చెక్ తీయండి. ఒక రంగు పట్టీ అసలు పడకపోతే ఇంకో రెండుసార్లు ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ఆ కాట్రిడ్జ్ పని అయిపోయినట్టే.

మీది హెచ్‌పీ అయితే చాలా డెస్క్‌జెట్ మోడళ్లలో రంగు కాట్రిడ్జ్ తీసేసి ఒక్క నలుపుతోనే నడపొచ్చు. కానన్‌లో రెండూ పెట్టే ఉంచాలి. నల్ల పట్టీ పడితే ఈ నెల వర్క్‌షీట్లకి దాన్నే వాడుకుంటూ, లేజర్ ధరలు రెండు మూడు షాపుల్లో తీరిగ్గా కనుక్కోండి. టిష్యూ మీద ఏ ఏ పట్టీలు పడ్డాయో, మీ మోడల్ పేరేంటో ఇక్కడ రాస్తే, కొత్త కాట్రిడ్జ్ కొనడం దండగో కాదో చెప్తాను.